వారాంతపు స్విచ్ మార్పు: ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ప్రతిపాదనలోనే తేలాలి

కార్యాలయంలోని ప్రధాన నెట్‌వర్క్ స్విచ్‌ను శనివారం రాత్రి మారుస్తామంటూ మేనేజర్ అనుమతి కోరే ప్రతిపాదనలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. పాత మోడల్ పేరు, కొత్త మోడల్ పేరు, డౌన్‌టైమ్ సుమారు 4 గంటలు అన్న ఒక వాక్యం, ఇబ్బంది వస్తే పాత స్విచ్‌ను తిరిగి అమరుస్తామన్న మరో వాక్యం, కింద సంతకానికి చోటు. ఆ 4 గంటల లెక్క ఎలా వచ్చిందో, పాత స్థితికి రావడానికి ఎంతసేపు పడుతుందో, వెనక్కి తిరగాలన్న నిర్ణయం ఎవరు ఎన్ని గంటలకు తీసుకుంటారో అందులో కనిపించదు. మేనేజర్ సంతకం పెట్టేది స్విచ్ నాణ్యత మీద కాదు, ఆ లెక్క మీద. కాబట్టి లెక్క లేని ప్రతిపాదనకు అనుమతి ఇచ్చినా, ఇవ్వకపోయినా అది ఊహ మీద తీసుకున్న నిర్ణయమే అవుతుంది.

ఒక మామూలు సందర్భాన్ని ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాద్‌లో మూడు అంతస్తుల కార్యాలయం. కింది అంతస్తు సర్వర్ గదిలో 48 పోర్టుల సిస్కో క్యాటలిస్ట్ 3750-ఎక్స్ స్విచ్ ఒక్కటే అన్నింటికీ ఆధారం. 41 రాగి కేబుళ్లు దానికి నేరుగా వస్తాయి, పై రెండు అంతస్తుల స్విచ్‌లు రెండు ఫైబర్ లింకుల ద్వారా కలుస్తాయి, ఇంటర్నెట్ వైపు ఫైర్‌వాల్ ఉంటుంది. సిబ్బంది కంప్యూటర్లు, ఫోన్లు, ప్రింటర్లు, కెమెరాలు వేర్వేరు వీల్యాన్‌లలో, అంటే ఒకే స్విచ్ మీద విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉంటే, వాటన్నింటికీ బయటి దారి చూపే గేట్‌వే కూడా ఈ స్విచ్చే. ఈ మోడల్‌కు తయారీదారు మద్దతు 2021 అక్టోబర్‌లోనే ముగిసింది. అంటే కొత్త భద్రతా సవరణలు రావు, పెట్టె పాడైతే తయారీదారు నుంచి బదులు పెట్టె రాదు. మార్పు ఎందుకన్న ప్రశ్నకు మేనేజర్‌కు ఈ రెండు మాటలు చాలు. దాని స్థానంలో క్యాటలిస్ట్ 9300 వస్తుంది.

పాత స్విచ్‌ను ర్యాక్ నుంచి విప్పి, అదే చోట కొత్తది బిగించి, కేబుళ్లన్నీ మళ్లీ పెట్టడం అందరికీ మొదట తోచే పద్ధతి. అందులో తొలి కేబుల్ ఊడిన క్షణం నుంచి చివరి పరీక్ష ముగిసేదాకా కార్యాలయం మొత్తానికీ నెట్‌వర్క్ ఉండదు. పైగా వెనక్కి తిరగాలంటే ఆ పనంతా తలకిందులుగా మళ్లీ చేయాలి. ర్యాక్‌లో ఒక్క యూనిట్ ఖాళీ ఉన్నా ఇంతకంటే మంచి దారి ఉంది. కొత్త స్విచ్‌ను శుక్రవారమే పక్కన బిగించి, కరెంటు ఇచ్చి, సాఫ్ట్‌వేర్ వెర్షన్ సరిచూసి, కాన్ఫిగరేషన్ ఎక్కించి ఉంచుతారు. దాని గేట్‌వే ఇంటర్‌ఫేస్‌లన్నీ ఆపి ఉంటాయి. శనివారం రాత్రి మొదట రెండు స్విచ్‌లను, వీల్యాన్‌లన్నింటినీ ఒకే దారిలో మోసే ట్రంక్ లింకుతో కలుపుతారు. తర్వాత కేబుళ్లను ఒక్కొక్కటిగా కొత్తదానికి మారుస్తారు. కొత్త స్విచ్ మీదకు వచ్చిన కంప్యూటర్ ఇంకా పాత గేట్‌వేనే ట్రంక్ మీదుగా చేరుకుంటుంది. కేబుళ్లన్నీ మారాక, చివర్లో గేట్‌వే బాధ్యతను పాత స్విచ్ నుంచి కొత్తదానికి ఆదేశాలతో మారుస్తారు.

ఈ పద్ధతిలో డౌన్‌టైమ్ అన్నది ఒకే అంకెగా ఉండదు, ప్రతిపాదన కూడా దాన్ని అలా రాయకూడదు. కంప్యూటర్‌కు తన కేబుల్ ఒక చోటి నుంచి మరో చోటికి మారే అర నిమిషమే అంతరాయం. ఫోన్, వైఫై యాక్సెస్ పాయింట్, కెమెరా వంటివి స్విచ్ నుంచే కరెంటు తీసుకుంటాయి కాబట్టి, కేబుల్ ఊడగానే ఆరిపోయి, కొత్త పోర్టులో మళ్లీ మొదటి నుంచి లేస్తాయి. వాటికి మూడు నుంచి ఐదు నిమిషాలు రాసుకోవడం సమంజసం. ఒక్కో రకం పరికరాన్ని శుక్రవారం కొత్త స్విచ్‌కు తగిలించి, ఎంతసేపట్లో లేస్తుందో గడియారం పెట్టి చూస్తే ఆ అంకె ఊహ కాకుండా కొలత అవుతుంది. పై అంతస్తుల ఫైబర్ లింకు మారేటప్పుడు ఆ అంతస్తు మొత్తం ఒక నిమిషం వరకు ఆగుతుంది, ఎందుకంటే లూప్ లేదని నిర్ధారించుకోవడానికి స్పానింగ్ ట్రీ పాత విధానంలో 30 సెకన్లు తీసుకుంటుంది. మేనేజర్‌కు కావలసిన సమాచారం ఈ రూపంలోనిదే: ఎవరికి, ఏ సేవ, ఎంతసేపు ఉండదు. ఆ జాబితాలో తలుపుల యాక్సెస్ కార్డు రీడర్లు, కెమెరాలు ఉంటే, ఆ రాత్రి కాపలా సిబ్బందికి ముందుగా చెప్పాల్సిన బాధ్యత కూడా ప్రతిపాదనలో భాగమే. కెమెరాలు వరసగా ఆరిపోవడం చూసిన గార్డు అర్ధరాత్రి అడ్మిన్ అధికారికి ఫోన్ చేస్తే, సర్వర్ గదిలో పని ఆగేది అక్కడే.

ఇక సమయం లెక్క. పని రాత్రి 10 గంటలకు మొదలై, తెల్లవారుజామున 2 గంటలకు ముగియాలని మొదటి ముసాయిదాలో ఉందనుకుందాం. 2 గంటలకే ఎందుకంటే, సర్వర్ల వారాంతపు బ్యాకప్ అప్పుడు మొదలవుతుంది, దాన్ని కదపకూడదు. ట్రంక్ కలిపి, అంతా నిలకడగా ఉందో లేదో చూడటానికి 20 నిమిషాలు. ఇద్దరు మనుషులు, ఒకరు లేబుల్ చదివి పోర్టు సంఖ్య చెబుతూ, మరొకరు కేబుల్ మార్చి దీపం వెలిగిందో లేదో చూస్తూ పోతే కేబుల్‌కు ఒక నిమిషం చొప్పున 41 కేబుళ్లకు 45 నిమిషాలు. ఫైబర్ లింకులు, ఫైర్‌వాల్ కేబుల్, గేట్‌వే మార్పు కలిపి మరో 20 నిమిషాలు. పరీక్షలకు 50 నిమిషాలు. మొత్తం 2 గంటల 15 నిమిషాలు. అంటే 12:15కు పని ముగుస్తుంది. చేతిలో ఇంకా గంటా ముప్పావు మిగిలిందనిపిస్తుంది.

ఇప్పుడు అదే లెక్కను చివరి నుంచి వెనక్కి వేయాలి. కేబుళ్లతో సహా పూర్తిగా పాత స్థితికి రావాలంటే గేట్‌వేకు 5 నిమిషాలు, ఫైబర్, ఫైర్‌వాల్ కేబుళ్లకు 10, రాగి కేబుళ్లకు 45, మళ్లీ పరీక్షించడానికి 20, మొత్తం 80 నిమిషాలు. అలసిన చేతులకు, దొరకని లేబుళ్లకు మరో 20 నిమిషాలు కలిపితే 100. రెండు గంటల నుంచి 100 నిమిషాలు వెనక్కి వెళితే 12:20. అనుకున్నది అనుకున్నట్టు జరిగితే 12:15కు పరీక్షలు ముగుస్తాయి, 12:20కి వెనక్కి తిరగాలా వద్దా అన్నది తేల్చాలి. దోషం కనిపిస్తే వెతకడానికి మిగిలింది ఐదు నిమిషాలు. గంటా ముప్పావు మిగిలిందనుకున్న ముసాయిదా నిజానికి ఎంత బిగుతుగా ఉందో ఈ ఒక్క తీసివేత బయటపెడుతుంది. పనిని రాత్రి 9 గంటలకు ముందుకు జరిపితే పరీక్షలు 11:15కు ముగుస్తాయి, దోషం వెతకడానికి గంటకు పైగా దొరుకుతుంది. శనివారం రాత్రి 9 దాటాక కార్యాలయంలో ఎవరుంటారన్నది మేనేజర్ చెప్పగలిగిన సంగతి, ఆ మాట కోసమే ప్రతిపాదన ఆయన దగ్గరకు వెళ్లాలి.

12:20 అన్న అంకెను ప్రతిపాదనలో స్పష్టంగా, దాన్ని ప్రకటించే వ్యక్తి హోదాతో సహా రాయడం అవసరం. ఆ వ్యక్తి కేబుళ్లు మారుస్తున్న ఇంజినీరు కాకపోవడం మంచిది. దోషం వెతుకుతున్న మనిషికి జవాబు ఇంకో పది నిమిషాల్లో దొరుకుతుందనే ఎప్పుడూ అనిపిస్తుంది. అందులో తప్పు లేదు, పనిలో మునిగినవాళ్ల తీరే అంత. గడియారం చూసే బాధ్యత ఫోన్‌లో అందుబాటులో ఉన్న టీమ్ లీడ్‌కు అప్పగిస్తే ఆ పది నిమిషాలు గంటగా పెరగవు.

వెనక్కి తిరగడం, అంటే రోల్‌బ్యాక్ కూడా ఒకే రకం కాదు. ట్రంక్ కలిపిన దశలో ఇబ్బంది వస్తే ఆ ఒక్క కేబుల్ పీకడమే రోల్‌బ్యాక్. రాగి కేబుళ్లు మారుతున్న దశలో ఏదైనా పరికరం లేవకపోతే దాని ఒక్క కేబుల్‌ను పాత పోర్టుకు మార్చి, మిగతా పని కొనసాగించవచ్చు. గేట్‌వే మారాక తప్పు బయటపడితే, ట్రంక్ ఇంకా ఉంది కాబట్టి కేబుళ్లు ముట్టుకోకుండా గేట్‌వేను మాత్రమే పాత స్విచ్‌కు తిప్పవచ్చు. గేట్‌వే మార్పు జరిగేది ఒక్కో వీల్యాన్‌కు ఈ రెండు ఆదేశాలతోనే:

```
! పాత స్విచ్‌లో
interface Vlan20
 shutdown
! కొత్త స్విచ్‌లో
interface Vlan20
 no shutdown
```

ఫైర్‌వాల్ వైపు వీల్యాన్‌తో సహా అన్నింటినీ ఒకేసారి మార్చాలి; కొన్ని మారి కొన్ని మారకపోతే వెళ్లిన ప్యాకెట్లకు తిరుగు దారి ఉండదు. వెనక్కి తిప్పడమంటే ఇవే ఆదేశాలతో గేట్‌వేలను ముందు కొత్తదానిలో ఆపి, తర్వాత పాతదానిలో తెరవడం. కాబట్టి సేవలు మళ్లీ నడవడానికి పట్టే సమయం 5 నిమిషాలు, పూర్తిగా పాత స్థితికి రావడానికి పట్టే సమయం 100 నిమిషాలు. ఈ రెండింటినీ విడివిడిగా రాసిన ప్రతిపాదన చదివే మేనేజర్‌కు ఎంతో భరోసా ఇస్తుంది, ఆ భరోసాకు ఆధారమూ ఉంటుంది.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాల్సిన చిన్న విషయం ఒకటి ఉంది. పాత స్విచ్‌లో గేట్‌వేలను ఆపాక ఆ మార్పును సేవ్ చేయాలా? సేవ్ చేయకపోతే, అంతా అస్తవ్యస్తమైనా పాత స్విచ్‌ను ఆపి మళ్లీ వెలిగిస్తే చాలు, కొన్ని నిమిషాల్లో తన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. రాత్రి పని జరిగినంతసేపూ అదే సురక్షితం. కానీ ఆదివారం మధ్యాహ్నం యూపీఎస్ ఒకసారి తడబడి పాత స్విచ్ తనంతట తాను రీస్టార్ట్ అయితే, అది మళ్లీ గేట్‌వేగా లేస్తుంది. అప్పుడు ఒకే ఐపీ చిరునామాతో రెండు గేట్‌వేలు నెట్‌వర్క్‌లో ఉంటాయి. కొన్ని కంప్యూటర్లు పనిచేస్తూ కొన్ని ఆగిపోతూ, కారణం అంతుపట్టని రోజు ఒకటి గడుస్తుంది. అందుకని పరీక్షలు నెగ్గి, మార్పును ఖరారు చేసిన వెంటనే పాత స్విచ్‌లోనూ `write memory` ఇవ్వాలన్నది క్రమంలో ఒక అడుగుగా, సమయంతో సహా ఉండాలి.

కాన్ఫిగరేషన్‌ను పాతదాని నుంచి కొత్తదానికి నకలు తీస్తే సరిపోతుందన్న నమ్మకం ఈ పనిలో అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది తెస్తుంది. రెండు ఉదాహరణలు చాలు. వీల్యాన్ జాబితాను స్విచ్‌ల మధ్య పంచే వీటీపీలో పాత స్విచ్ సర్వర్ మోడ్‌లో ఉంటే, వీల్యాన్‌ల జాబితా `show running-config` లో కనిపించదు, ఫ్లాష్‌లోని `vlan.dat` ఫైలులో ఉంటుంది. ఆదేశాలను అతికించేటప్పుడు ఏదైనా పోర్టుకు కేటాయించిన వీల్యాన్‌ను కొత్త స్విచ్ తానే సృష్టించుకోవచ్చు గానీ, పై అంతస్తుకు ట్రంక్ మీదుగా మాత్రమే వెళ్లే కెమెరాల వీల్యాన్ ఒకటి ఉంటే అది పుట్టదు, దాని గేట్‌వే లేవదు. `show vlan brief` ఫలితాన్ని రెండు స్విచ్‌లలోనూ తీసి పక్కపక్కన పెడితే ఈ లోటు శుక్రవారమే కనిపిస్తుంది. రెండోది ఇంకా మోసకారి. పాత స్విచ్‌లో ఫైబర్ పోర్టు పేరు `GigabitEthernet1/1/1`. కొత్త స్విచ్‌లో ఎనిమిది పోర్టుల 10 గిగాబిట్ మాడ్యూల్ వేస్తే నిజంగా పనిచేసే పోర్టు పేరు `TenGigabitEthernet1/1/1`, అందులో పాత 1 గిగాబిట్ ఆప్టిక్ పెట్టినా పేరు అదే. కానీ 9300 తనకు వేయగల మాడ్యూళ్లన్నింటి పోర్టుల పేర్లనూ కాన్ఫిగరేషన్‌లో చూపిస్తుంది కాబట్టి, పాత పేరుతో అతికించిన ఆదేశాలను ఏ అభ్యంతరమూ లేకుండా స్వీకరిస్తుంది. శనివారం రాత్రి ఫైబర్ తగిలించాక లింకు దీపం కూడా వెలుగుతుంది, ట్రంక్ మాత్రం ఏర్పడకపోవచ్చు, అప్పుడు పై అంతస్తు మూగబోతుంది. అతికించేటప్పుడు ఎర్రర్ రాలేదు కాబట్టి అంతా ఎక్కిందనుకోవడం ఇక్కడ చెల్లదు. `show interfaces trunk` లో సరైన పేరు కనిపించాలి. అదే సమయంలో `switchport trunk encapsulation dot1q`, `mls qos` వంటి పాత ఆదేశాలకు కొత్త స్విచ్ ఎర్రర్ ఇస్తుంది. మొదటిదాన్ని వదిలేయవచ్చు, ఎందుకంటే 9300 వేరే రకం ట్రంక్ చేయదు. రెండోది ఫోన్ మాటల ప్రాధాన్యానికి సంబంధించింది కాబట్టి కొత్త పద్ధతిలో తిరిగి రాయాలి.

వారాంతాన్ని ఎంచుకోవడంలోనే ఒక చిక్కు ఉంది, దాన్ని ప్రతిపాదన దాచకూడదు. శనివారం రాత్రి ఆటంకం ఖరీదు తక్కువ, కానీ పరీక్షకు కూడా అంతే తక్కువ బలం. ఆ సమయంలో చాలా కంప్యూటర్లు ఆపేసి ఉంటాయి, ప్రింటర్లు నిద్రలో ఉంటాయి, 41 పోర్టులలో 18కి మాత్రమే దీపం వెలిగిందంటే మిగతావి చెడ్డాయో, ఆపి ఉన్నాయో చెప్పలేం. పోల్చి చూడటానికి ఆధారం శుక్రవారం ఉదయం 11 గంటలకు, అందరూ పనిలో ఉన్నప్పుడు సిద్ధం చేసుకోవాలి: ఏ పోర్టులో ఏ పరికరం ఉందో `show mac address-table`, ఏ వేగంతో ఉందో `show interfaces status`, ఎంత కరెంటు తీసుకుంటుందో `show power inline`. అదే ఫలితాలను శనివారం సాయంత్రం పని మొదలుపెట్టే ముందు మరోసారి తీస్తే, అప్పటికే ఆపి ఉన్నవి ఏవో తెలుస్తాయి. రాత్రి పరీక్షల్లో సాయంత్రపు జాబితాతో సరిపోలితే ఆ రాత్రికి చాలు. శుక్రవారపు జాబితాతో సరిపోలాల్సింది సోమవారం.

సోమవారమే బయటపడే దోషం ఎలా ఉంటుందో ఒకటి చూద్దాం. పాత హాజరు యంత్రానికో, పాత లేబుల్ ప్రింటర్‌కో ఎవరో ఎప్పుడో వేగాన్ని 100 మెగాబిట్, ఫుల్ డ్యూప్లెక్స్ అని చేత్తో స్థిరపరిచి ఉంటారు, పాత స్విచ్ పోర్టులోనూ అలాగే రాసి ఉంటారు. కొత్త స్విచ్‌లో ఆ పోర్టుకు ఆ రెండు వరుసలు ఎక్కకపోతే, స్విచ్ తనంతట తాను వేగాన్ని గుర్తించినా, అవతలి వైపు జవాబు ఇవ్వదు కాబట్టి తన వైపు, పంపడం, అందుకోవడం ఒకేసారి కుదరని హాఫ్ డ్యూప్లెక్స్‌కు దిగుతుంది. లింకు లేస్తుంది, పింగ్ పోతుంది, శనివారం రాత్రి పరీక్ష నెగ్గుతుంది. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు సిబ్బంది వరస కట్టి వేలిముద్రలు వేస్తుంటే యంత్రం తడబడుతుంది. `show interfaces` లో ఆ పోర్టు దగ్గర లేట్ కొలిజన్ల సంఖ్య పెరుగుతూ కనిపిస్తే కారణం అదే, సరిచేయడానికి నిమిషం పట్టదు. కానీ ఆ నిమిషంలో అక్కడ మనిషి ఉండాలి. స్విచ్ మార్చిన ఇంజినీరు ఆదివారం తెల్లవారుజామున ఇంటికి వెళ్లి, సోమవారం సెలవు తీసుకుంటే, ఆ లోటు ప్రణాళికది.

కాబట్టి మార్పు గడువు ఆదివారం 2 గంటలకు ముగిసినా, మార్పు టికెట్ సోమవారం మధ్యాహ్నం వరకు తెరిచే ఉంటుందని రాయాలి. ఉదయం 9 నుంచి 12 వరకు సర్వర్ గది తెలిసిన మనిషి ఒకరు అంతస్తులో ఉంటారని పేర్కొనాలి. సోమవారం రోల్‌బ్యాక్ అంటే పని వేళల్లో కేబుళ్లు పీకడం కాదు, ట్రంక్ ఉంచినందువల్ల గేట్‌వేను మాత్రం తిప్పడం, అందరికీ ఒకటి రెండు నిమిషాల ఆటంకం. అలా తిప్పితే వీల్యాన్‌ల మధ్య రాకపోకలన్నీ ఆ ట్రంక్ మీదుగానే నడుస్తాయి కాబట్టి, శనివారమే దాన్ని ఒక కేబుల్‌తో కాకుండా రెండింటిని కలిపి కట్టడం మేలు. నెలాఖరు జీతాల పని, త్రైమాసిక ఖాతాల ముగింపు ఉన్న వారాలకు ముందు వారాంతాన్ని వదిలేయడానికి కారణం కూడా సోమవారమే; ఆ రోజు ఒకటి రెండు నిమిషాలు కూడా భరించలేని విభాగం ఏదో మేనేజర్‌కే తెలుసు.

ఇదంతా ప్రతిపాదనలో పేజీలు నింపాల్సిన పని లేదు. పోర్టుల జాబితా, కాన్ఫిగరేషన్, పరీక్షల పట్టిక అనుబంధంగా ఉంటాయి; మేనేజర్ చదివే భాగం ఇంతలో ముగుస్తుంది:

"శనివారం రాత్రి 9:00 నుంచి ఆదివారం 2:00 వరకు ప్రధాన స్విచ్ మార్పుకు అనుమతి కోరుతున్నాము. కంప్యూటర్లకు ఒక్కొక్కదానికి అర నిమిషం, ఫోన్లు, కెమెరాలు, వైఫైకి 5 నిమిషాల వరకు, పై అంతస్తులకు ఒక్కొక్కదానికి ఒక నిమిషం, చివర్లో అందరికీ రెండు నిమిషాలు అంతరాయం ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే 11:15కు పూర్తవుతుంది. రాత్రి 12:20కి పరీక్షలు నెగ్గకపోతే టీమ్ లీడ్ పని ఆపి, వెనక్కి తిరగమని ప్రకటిస్తారు; 5 నిమిషాల్లో సేవలు, 2:00 లోపు పాత స్థితి పూర్తిగా తిరిగి వస్తాయి. వెనక్కి తిరిగినా బ్యాకప్ వేళకు భంగం ఉండదు. సోమవారం ఉదయం 9 నుంచి 12 వరకు ఇంజినీరు కార్యాలయంలో ఉంటారు. పాత స్విచ్‌ను వచ్చే శుక్రవారం వరకు ర్యాక్‌లోనే ఉంచుతాము."

పాత స్విచ్‌ను అన్ని రోజులు ఉంచడానికి కారణం వారంలో ఒక్కసారే నడిచే పనులు: వారాంతపు నివేదికలు, ఏదో ఒక రోజు మాత్రమే తెరిచే శిక్షణ గది, వారానికోసారి వచ్చే ఆడిటర్ల కేబుల్. అవన్నీ ఒక్కసారైనా కొత్త స్విచ్ మీద నడిచాక ట్రంక్ తీసేసి, పాతదానిలోని కాన్ఫిగరేషన్‌ను, `vlan.dat` ను భద్రపరిచి, తర్వాత పెట్టెలోంచి రెండింటినీ చెరిపేయాలి. చెరపకుండా పక్కన పెట్టిన స్విచ్‌ను ఆరు నెలల తర్వాత ఎవరైనా వేరే గదిలో ఇదే నెట్‌వర్క్‌కు తగిలిస్తే, దాని వీటీపీ రివిజన్ సంఖ్య ఎక్కువగా ఉండి, డొమైన్ పేరు, పాస్‌వర్డ్ కలిసిన పక్షంలో, మిగతా స్విచ్‌లు తమ వీల్యాన్ జాబితాను వదిలి దాని పాత జాబితాను తీసుకుంటాయి. ఈ అడుగుకు తేదీ, చేసే వ్యక్తి హోదా రాశాకే టికెట్ మూసివేయడానికి సిద్ధమైనట్టు లెక్క.